గాలి లీకుల మీద 28 రోజుల పెయిడ్ పైలట్: ఒక స్పిన్నింగ్ మిల్లు కేస్ స్టడీ

పల్నాడు జిల్లా చిలకలూరిపేట చుట్టుపక్కల ఉన్న స్పిన్నింగ్ మిల్లుల్లో ఇదొకటి. రెండు షెడ్లు, రెండూ మూడు షిఫ్టులూ నడుస్తాయి. కంప్రెస్డ్ ఎయిర్ ఎక్కువగా వాడేది దారాన్ని కోన్లుగా చుట్టే ఆటోకోనర్ మెషీన్ల హాళ్లలో. దారం తెగినచోట రెండు కొసలనూ గాలితో కలిపే స్ప్లైసర్లకు ఆ గాలి లేనిదే పని జరగదు. మిల్లుకు మేం మొదట ఇచ్చిన ప్రతిపాదన రూ.22 లక్షలది: రెండు షెడ్లలో లీకులు సరిచేయడం, పాత జీఐ పైపులైను కొంత మార్చడం, గాలి అవసరాన్ని బట్టి మోటారు వేగం మార్చుకునే వీఎఫ్‌డీ కంప్రెసర్ ఒకటి పెట్టడం. జనరల్ మేనేజర్ అంతా ఓపిగ్గా విన్నారు, కాదనలేదు, ఔననలేదు. రెండోసారి కలిసినప్పుడు అసలు మాట బయటికొచ్చింది.

"ఇలాంటి రిపోర్టు ఇంతకుముందు ఒకటి చేయించామండీ. లీకులు కట్టించాం కూడా. అందులో రాసినంత కరెంటు బిల్లులో ఎక్కడా కనబడలేదు. మళ్లీ ఎండీ గారి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్లమంటారు?"

పార్టీ వెనకాడుతోందంటే చాలామంది వెంటనే రేటు తగ్గిస్తారు. ఇక్కడ తగ్గించినా పని అయ్యేది కాదు. ఆయన అనుమానం రేటు మీద కాదు, ఆదా అంకె మీద. రూ.22 లక్షలు రూ.18 లక్షలైతే నమ్మని అంకె నమ్మదగ్గదైపోదు. వెనకాడేది డబ్బుకా, లెక్కకా, ఉత్పత్తి ఆగుతుందన్న భయానికా అన్నది తేల్చుకోకుండా పైలట్, అంటే ముందుగా చిన్న ఎత్తున చేసి చూపించడం, ప్రతిపాదిస్తే, అది ఆయన అడగని ప్రశ్నకు జవాబవుతుంది. అందుకే ముందు పాత రిపోర్టు తెప్పించుకుని చూడాల్సి వచ్చింది.

పాత లెక్క ఎక్కడ తప్పింది

రిపోర్టులో లీకు కొలత బాగానే ఉంది. తప్పంతా దాన్ని కరెంటులోకి మార్చిన తీరులో ఉంది. మిల్లులో ఉన్నవి ఫిక్స్‌డ్ స్పీడ్ స్క్రూ కంప్రెసర్లు. ప్రెజర్ పై హద్దుకు చేరగానే అవి అన్‌లోడ్ అవుతాయి, కింది హద్దుకు పడగానే మళ్లీ లోడ్ అవుతాయి. అన్‌లోడ్‌లో గాలి రాదు గానీ మోటారు తిరుగుతూనే ఉంటుంది. రెండో షెడ్డులోని 55 కిలోవాట్ల కంప్రెసర్ లోడ్‌లో సుమారు 60 కిలోవాట్లు, అన్‌లోడ్‌లో సుమారు 20 కిలోవాట్లు లాగుతోంది. మోటారు నష్టాలు, కూలింగ్ ఫ్యాను కలుపుకుంటే 55 మీద 60 రావడంలో వింతేమీ లేదు.

కంప్రెసర్ సామర్థ్యంలో 20 శాతం లీకు ఆపారనుకుందాం. పాత రిపోర్టు పద్ధతిలో 60లో 20 శాతం, అంటే 12 కిలోవాట్లు ఆదా. నిజానికి ఆ 20 శాతం సమయంలో కంప్రెసర్ ఆగిపోదు, లోడ్ నుంచి అన్‌లోడ్‌లోకి మారుతుందంతే. మిగిలేది 60కీ 20కీ మధ్య తేడాలో 20 శాతం, అంటే 8 కిలోవాట్లు. రాసినదాంట్లో మూడో వంతు గాల్లో కలిసిపోయింది. దానికితోడు కొలిచింది మిల్లు మొత్తం హెచ్‌టీ బిల్లు మీద. అంత పెద్ద బిల్లులో ఒక కంప్రెసర్ తాలూకు 8 కిలోవాట్లు వెతికితే దొరుకుతాయా? ఆ నెలలో దారం సన్నదనం చెప్పే కౌంటు మారినా, హ్యుమిడిఫికేషన్ ప్లాంటు కాస్త ఎక్కువ నడిచినా అంతకు మించిన తేడా వస్తుంది.

ఈ లెక్క ఒక తెల్లకాగితం మీద వేసి చూపించాకే పైలట్ మాట ఎత్తడం జరిగింది. "పాత రిపోర్టులో మీకు చెప్పిన ఆదా ఎక్కువ, మేం చేసినా ఈ తక్కువ అంకే వస్తుంది" అని తక్కువ అంకె ముందే పెట్టడం వల్ల జీఎం గారు కుర్చీలో కాస్త ముందుకు జరిగారు.

మీటరు ఎక్కడుందో హద్దు అక్కడ

పైలట్ ఎక్కడ చేయాలన్న దగ్గర మొదటి భేదాభిప్రాయం వచ్చింది. మిల్లువాళ్లు ఒకటో షెడ్డు చేయమన్నారు. అక్కడ లీకులు ఎక్కువ, మెషీన్లు ఆగితే బుసబుస చెవికి వినబడుతుంది. కానీ ఒకటో షెడ్డుకు రెండు కంప్రెసర్లు అన్ని శాఖలకూ గాలి పంచే ఒకే హెడరు పైపులోకి గాలి ఇస్తాయి. ఆ హెడరు నుంచే కార్డింగు, వర్క్‌షాపు, బేలింగు ప్రెస్సు కూడా తీసుకుంటాయి. ఆటోకోనర్ హాల్లో ఎంత బాగా పనిచేసినా ఆ ఫలితం కంప్రెసర్ మీటరులో మిగతా విభాగాల వాడకంతో కలిసిపోతుంది. విడిగా కొలవాలంటే ఆ శాఖ మీద ఫ్లో మీటరు బిగించాలి, అందుకు లైను కోయాలి. చిన్న పైలట్‌కు అది మోయలేని భారం.

రెండో షెడ్డు అలా కాదు. సుమారు 16 వేల స్పిండిల్స్, రోజుకు 6,000 కిలోల దారం, ఒకే 55 కిలోవాట్ల కంప్రెసర్, దానికి సొంత ప్యానెలు. ఆ కంప్రెసర్ గాలి ఆ ఆటోకోనర్ హాలుకు తప్ప వేరేచోటికి వెళ్లదు. ఒకటో షెడ్డు లైనుతో కలిపే బైపాస్ వాల్వు ఒకటుంది, అది మామూలుగా మూసే ఉంటుంది. లీకులు తక్కువైనా ఇక్కడ చేసిన పని మీటరులో నేరుగా కనబడుతుంది. పైలట్ హద్దు గీయాల్సింది సమస్య ఎక్కువున్నచోట కాదు, ఫలితం విడిగా కొలవగలిగినచోట. జీఎం గారు దీనికి ఒప్పుకోవడానికి ఒక్క ప్రశ్న సరిపోయింది: "ఒకటో షెడ్డులో చేసి, తగ్గింది మావల్లేనని చెబితే మీరు నమ్ముతారా సార్?"

హద్దులోకి ఏం రాదో కూడా అంతే స్పష్టంగా రాయాలి. ఇక్కడ ప్రెజర్ సెట్టింగు తగ్గించడం పైలట్‌లోంచి తీసేశాం. ప్రెజర్ ఒక బార్ తగ్గిస్తే కరెంటు సుమారు 6–7 శాతం తగ్గుతుంది, ఆశ పుట్టించే అంకే. కానీ స్ప్లైసు బలం గాలి ఒత్తిడి మీద ఆధారపడి ఉంటుంది. పైలట్ జరిగే రోజుల్లో ఏ కారణం వల్ల స్ప్లైసులు తెగినా నింద ప్రెజర్ మీదే పడుతుంది, క్వాలిటీ విభాగం పైలట్‌ను అక్కడే ఆపించేస్తుంది. పైగా రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది ఎంత తగ్గించిందో తేలదు.

గెలుపు కొలత ఎలా కట్టాం

కొలత ఒక్కటే పెట్టుకోవాలి, అది పార్టీ సొంత రిజిస్టర్లలోంచి రావాలి. ఇక్కడ తీసుకున్నది 100 కిలోల దారానికి కంప్రెసర్ తాగే కరెంటు. కరెంటు కంప్రెసర్ ప్యానెలులో కొత్తగా పెట్టే ఎనర్జీ మీటరు నుంచి, దారం కిలోలు మిల్లువాళ్ల ఉత్పత్తి రిజిస్టరు నుంచి. రీడింగు రోజూ ఉదయం షిఫ్టు మారేటప్పుడు మిల్లు ఎలక్ట్రీషియనే రాసి సంతకం పెడతాడు. అమ్మేవాడు రాసుకున్న అంకెను కొనేవాడు పూర్తిగా నమ్మడు, నమ్మకూడదు కూడా.

దీనితోపాటు లీకు టెస్టు ఒకటి పక్కన పెట్టుకున్నాం. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ గైడుబుక్కుల్లో ఉన్న మామూలు పద్ధతే. వారపు సెలవు రోజు హాలు మొత్తం ఆపి, కంప్రెసర్ ఒక్కటే నడిపి, ఎన్ని సెకన్లు లోడ్‌లో ఉంది, ఎన్ని సెకన్లు అన్‌లోడ్‌లో ఉంది అని స్టాప్‌వాచ్‌తో కనీసం ఐదు సైకిళ్లు చూసి సగటు తీయడం.

```
లీకు % = T / (T + t) × 100
T = లోడ్ సమయం (సెకన్లు),  t = అన్‌లోడ్ సమయం (సెకన్లు)
```

ఇందులో జరిగే పొరపాటు ఒకటుంది. మెషీన్లు ఆపేటప్పుడు ఆపరేటర్లు అలవాటుగా ఒక్కో మెషీను గాలి వాల్వు కూడా కట్టేస్తారు. అలా చేస్తే మెయిన్ లైను లీకు మాత్రమే తెలుస్తుంది. అసలు లీకుల్లో ఎక్కువ భాగం మెషీను లోపలి పీయూ ప్లాస్టిక్ ట్యూబుల్లో, పుష్ ఫిట్టింగుల్లో ఉంటుంది. కాబట్టి మెషీన్లు ఆగాలి గానీ వాల్వులు తెరిచే ఉండాలి.

మొదటి టెస్టులో సగటు లోడ్ 33 సెకన్లు, అన్‌లోడ్ 67 సెకన్లు. అంటే లీకు 33 శాతం. కంప్రెసర్ కంట్రోలరులోని లోడ్ గంటలు, రన్ గంటలు చూస్తే మామూలు రోజుల్లో 82 శాతం సమయం లోడ్‌లో ఉంటోంది. అంటే సగటున 52.8 కిలోవాట్లు, రోజుకు 1,267 యూనిట్లు, 100 కిలోల దారానికి 21.1 యూనిట్లు.

ఎంత తగ్గితే గెలిచినట్టు? దీనికి రెండు వైపుల నుంచీ లెక్క రావాలి. లీకును 33 నుంచి 15 శాతానికి తేవడం ఇలాంటి హాల్లో సాధ్యమే. అప్పుడు 40 కిలోవాట్ల తేడాలో 18 శాతం, అంటే 7.2 కిలోవాట్లు, ఇప్పుడు వాడేదాంట్లో 13.6 శాతం తగ్గాలి. ఇది పై హద్దు. కింది హద్దు రోజువారీ ఊగిసలాట చెబుతుంది. పని మొదలుపెట్టక ముందు వారం రోజుల రీడింగులు 20.4 నుంచి 21.9 దాకా ఊగాయి, అంటే సగటుకు అటూ ఇటూ సుమారు మూడున్నర శాతం. గెలుపు గీత 4 శాతం దగ్గర పెడితే ఏమీ చేయకపోయినా ఒక్కోసారి గెలిచినట్టే కనబడుతుంది. అందుకని గీత 10 శాతం దగ్గర పెట్టాం. ఊగిసలాటకు బాగా పైన, సాధ్యమైనదానికి కాస్త కింద.

ఫీజు ఎందుకు, ఎంత

ఉచితంగా చేసిపెడతామంటే పార్టీ వెంటనే ఒప్పుకుంటుంది, అసలు చిక్కు ఆ తర్వాత. స్టోర్సువాళ్లు ఫిట్టింగులు ఇష్యూ చేయరు, ఫిట్టరు వేరే పని మీద ఉంటాడు, చివరి మీటింగుకు జీఎం బదులు సూపర్‌వైజరు వస్తాడు. వర్క్ ఆర్డరు నంబరు పడిన పనికే మిల్లులో మనుషులు కేటాయిస్తారు.

అలాగని ఎక్కువ అడిగితే ఫైలు ఎండీ దగ్గరికి వెళ్తుంది. ఈ మిల్లులో జీఎం సొంతంగా సంతకం పెట్టగల పరిమితి రూ.1 లక్ష. ఆ మాట మొహమాటపడకుండా అడిగి తెలుసుకోవాల్సిందే. ఫీజు రూ.60,000, దాని మీద 18 శాతం జీఎస్టీతో రూ.70,800. సగం అడ్వాన్సు, సగం రిపోర్టు ఇచ్చిన రోజు. విడిభాగాలు మాత్రం ఫీజులో కలపలేదు. అవి మిల్లు స్టోర్సు నుంచి అసలు ధరకే, రూ.40,000 మించకుండా అని రాశాం. భాగాలు మనం అమ్మితే ప్రతి ఫిట్టింగూ మార్చమనడం లాభం కోసమేనన్న అనుమానం వస్తుంది.

ఫలితాన్ని బట్టి ఫీజు వదులుకుంటామన్న షరతు పెట్టలేదు. చేసే కొలతకీ పనికీ ఫీజు, ఆదాకు కాదు. ఫలితం మీద డబ్బు ఆధారపడితే రీడింగు మీద తగువు మొదలవుతుంది, అప్పుడు సంతకం పెట్టే ఎలక్ట్రీషియనే ఇరుకున పడతాడు. బదులుగా, తర్వాతి ఆర్డరు ఇస్తే ఫీజులో సగం అందులో తగ్గిస్తామన్నాం.

లెటరు ఒక్క పేజీ. ముఖ్యమైన భాగం తెలుగులో ఇలా ఉంటుంది:

> హద్దు: రెండో షెడ్డు ఆటోకోనర్ హాలు, దాని 55 కిలోవాట్ల కంప్రెసర్, రిసీవరు, డ్రయరు, వాటి మధ్య పైపులైను. ప్రెజర్ సెట్టింగు మార్చడం, పైపు సైజు మార్చడం, ఒకటో షెడ్డు ఇందులోకి రావు.
>
> గడువు: 28 రోజులు. మొదటి 7 రోజులు కొలత, తర్వాత 10 రోజులు రిపేరు, తర్వాత 7 రోజులు కొలత, చివరి 4 రోజుల్లో రిపోర్టు, మీటింగు.
>
> కొలత: 100 కిలోల దారానికి కంప్రెసర్ యూనిట్లు. బైపాస్ వాల్వు తెరిచిన రోజు, ఉత్పత్తి 5,000 కిలోల కంటే తగ్గిన రోజు, కౌంటు మారిన రోజు లెక్కలోకి రావు. అన్ని రోజులు కొలత పొడిగించాలి.
>
> ఫలితం: 10 శాతం లేదా ఎక్కువ తగ్గితే, 10 రోజుల్లోగా ఒకటో షెడ్డు పని మీద నిర్ణయం. 5 నుంచి 10 శాతం మధ్య ఉంటే కారణాలు చూసి ఇరువురూ మాట్లాడుకోవాలి. 5 శాతం కంటే తక్కువైతే ఇక్కడితో ఆపేస్తాం. రీడింగులు, లీకు జాబితా మిల్లువే.
>
> మిల్లు ఇవ్వాల్సింది: రిపేరు రోజుల్లో ఒక ఫిట్టరు పగటి షిఫ్టంతా, రోజూ ఉదయం రీడింగు రాసే ఎలక్ట్రీషియన్, వారపు సెలవు రోజుల్లో రెండుసార్లు లీకు టెస్టుకు కంప్రెసర్.

ఫలితం పేరాలో "నిర్ణయం" అని రాశాం, "ఆర్డరు" అని కాదు. ఆర్డరు ఇస్తామని ముందే సంతకం పెట్టమంటే వెనకాడే మనిషి మరింత వెనక్కి పోతాడు. పది రోజుల్లో ఔనో కాదో చెబుతామని రాయడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం ఉండదు. గడువు లేని పైలట్ ఎంత బాగా జరిగినా "చూద్దాం" దగ్గరే నిలిచిపోతుంది.

నడిచిన తీరు

మొదటి చిక్కు మీటరులోనే వచ్చింది. కొత్త ఎనర్జీ మీటరు లోడ్‌లో 40 కిలోవాట్లు చూపించింది. క్లాంప్ మీటరుతో చూస్తే ఒక్కో ఫేజులో 95 ఆంపియర్లు ఉంది. 415 వోల్టులు, పవర్ ఫ్యాక్టర్ 0.88 తో లెక్క వేస్తే 60 కిలోవాట్లు రావాలి. కరెంటును తగ్గించి మీటరుకు అందించే సీటీలు బిగించినవి 150/5 వి, మీటరులో సెట్ చేసింది 100/5. అందుకే సరిగ్గా మూడింట రెండు వంతులే చూపించింది. శాతాల్లో చూసుకుంటే ఈ తప్పు కనబడదు, ముందూ వెనకా ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది కాబట్టి. రూపాయల లెక్క దగ్గర మాత్రం ఆదా మూడో వంతు తక్కువగా తేలేది. ఏ పైలట్‌లోనైనా మొదటి రీడింగును ఇంకొక పరికరంతో సరిచూడకుండా కొలత మొదలుపెట్టకూడదు.

లీకులు వెతకడానికి అల్ట్రాసోనిక్ డిటెక్టరు వాడాం. మిల్లు నడిచే హోరులో చెవి పనిచేయదు, సబ్బు నీళ్లు మెషీను మీద చల్లనివ్వరు. దొరికిన ప్రతిచోటా నంబరు వేసిన ట్యాగు కట్టాం. మొత్తం 94 ట్యాగులు. ఎక్కువ భాగం ఎండిపోయి బిగువు తప్పిన పుష్ ఫిట్టింగులు, కొస అడ్డంగా కాకుండా వాలుగా కోసి దూర్చిన పీయూ ట్యూబులు. వాలుగా కోసిన ట్యూబు ఫిట్టింగులోని సీలు మీద సమంగా కూర్చోదు, కొత్త ఫిట్టింగు వేసినా వారంలో మళ్లీ లీకవుతుంది. ట్యూబు కట్టర్లు రెండు కొనిపించి, బ్లేడుతో కోయడం మాన్పించాం. సంఖ్యలో తక్కువైనా గాలి బాగా పోయేవి వేరే ఉన్నాయి: తెరుచుకుని ఇరుక్కుపోయిన రిసీవరు ఆటో డ్రెయిను ఒకటి, గాలిని వడగట్టి ఒత్తిడి సరిచేసే ఎఫ్ఆర్ఎల్ యూనిట్ల పగిలిన బౌళ్లు కొన్ని. 94లో 71 సరిచేశాం. మిగతావి మెషీను పూర్తిగా విప్పితే తప్ప చేయి దూరనిచోట ఉన్నాయి. వాటిని జాబితాలో అలాగే ఉంచి రాబోయే ఓవర్‌హాలింగుకు వదిలేశాం.

రెండో కొలత వారంలో ఒకటో షెడ్డు కంప్రెసర్ ఒకటి ట్రిప్ అయింది. రాత్రి షిఫ్టువాళ్లు బైపాస్ వాల్వు తెరిచి రెండో షెడ్డు గాలి అటు పంపారు, వాళ్ల పని వాళ్లు చేశారు. రెండు రోజుల రీడింగులు 24 దాటాయి. లెటరులో బైపాస్ షరతు లేకపోతే ఆ రెండు రోజులూ సగటును ముంచేసేవి, లేదా వాటిని తీసేయమని అడిగినందుకు అంకెలు వండుతున్నామన్న పేరొచ్చేది. షరతు ముందే ఉంది కాబట్టి ఆ రెండు రోజులు కొట్టేసి, కొలత ఇంకో రెండు రోజులు పొడిగించడానికి ఎవరూ మాట్లాడలేదు.

అంకెలు, ఆ తర్వాత

రెండో లీకు టెస్టులో 14 శాతం వచ్చింది. 100 కిలోలకు యూనిట్లు 21.1 నుంచి 18.1 కి దిగాయి, అంటే 14.2 శాతం తక్కువ. రోజుకు సుమారు 182 యూనిట్లు. లీకు టెస్టు నుంచి విడిగా లెక్క వేసినా, 40 కిలోవాట్లలో 19 శాతం అంటే 7.6 కిలోవాట్లు, రోజుకు 182 యూనిట్లే. జీఎం గారిని ఒప్పించింది 14.2 అన్న అంకె కన్నా, రెండు దారుల్లో వెళ్లినా ఒకచోటికే రావడం. పాత రిపోర్టు పద్ధతిలోనైతే ఇదే పనికి రోజుకు 274 యూనిట్లని రాసుండేవారు.

మిల్లుకు అన్నీ కలుపుకుని యూనిట్ రూ.7.50 పడుతోంది. రోజుకు రూ.1,365. ఫీజు రూ.60,000, భాగాలు రూ.38,000 కలిపితే 72 రోజుల్లో తిరిగొస్తుంది. జీఎస్టీ మిల్లుకు క్రెడిట్‌గా వస్తుంది కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు. రిపోర్టులో ఇంకొక మాట కూడా రాశాం: ఈ 28 రోజులు లీకు తగ్గించవచ్చని చూపించాయి గానీ, తగ్గింది తగ్గినట్టు నిలుస్తుందని చూపించలేదు. ట్యూబులు మళ్లీ పాతబడతాయి, ఫిట్టింగులు మళ్లీ వదులవుతాయి. మూడు నెలలకోసారి సెలవు రోజు లీకు టెస్టు చేసి, 20 శాతం దాటితే మళ్లీ ట్యాగింగు పెట్టుకోవాలి.

నిర్ణయం తొమ్మిదో రోజున వచ్చింది. రూ.22 లక్షల ప్రతిపాదన యథాతథంగా ఆమోదం పొందలేదు. ఒకటో షెడ్డు లీకుల పని, అక్కడ ఆటోకోనర్ శాఖ మీద ఫ్లో మీటరు, రెండు షెడ్లకూ ఏడాదికి నాలుగు లీకు టెస్టులు కలిపి రూ.3.4 లక్షల ఆర్డరు ఇచ్చారు. పైలట్ ఫీజులో రూ.30,000 అందులో తగ్గింది. పైపుల మార్పు పక్కన పెట్టారు.

వీఎఫ్‌డీ కంప్రెసర్ మీద ఆయన అడిగిన ప్రశ్న మాత్రం పైలట్ రీడింగుల్లోంచే పుట్టింది. లీకులు తగ్గాక రెండో షెడ్డు కంప్రెసర్ 63 శాతం సమయమే లోడ్‌లో ఉంటోంది, మిగతా 37 శాతం ఊరికే తిరుగుతూ 20 కిలోవాట్లు లాగుతోంది. సగటున 7.4 కిలోవాట్లు, రోజుకు 178 యూనిట్ల దాకా గాలి ఇవ్వని కరెంటు. ఇందులో వీఎఫ్‌డీ ఎంత ఆపగలదో డ్రైవు సొంత నష్టాలు కూడా తీసేసి చూపించమన్నారు. దానికి తయారైన రెండో లెటరు కూడా ఒక్క పేజీయే. అద్దె వీఎఫ్‌డీ కంప్రెసర్‌తో 15 రోజులు, అదే మీటరు, అదే రిజిస్టరు, గెలుపు గీత 18.1 మీద 8 శాతం.